గాలికి కొట్టుకునే కిటికీ
అల్యూమినియం, యూపీవీసీ కిటికీ రెక్క తెరిచి వదిలితే నిలవడంలేదా? గాలికి దానంతటదే ధడాలున మూసుకుంటోందా? చాలామంది వెంటనే నూనె వేస్తారు. అదే పొరపాటు. రెక్కకు పైనా కిందా ఉండే స్టీలు పట్టీలను ఫ్రిక్షన్ స్టే అంటారు. వాటి బిగువే రెక్కను నిలబెడుతుంది. నూనె పడితే ఇంకా జారుతుంది.

ముందు పట్టీ గాడిలోని దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులపండి. గాడిలో జరిగే ముక్కకు సాధారణంగా చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టు బిగించి చూడండి. పైన ఎంత బిగిస్తే కిందా అంతే బిగించాలి. స్క్రూ లేకపోయినా, రివెట్లు వదులైనా రెండు పట్టీలనూ మార్చాల్సిందే. పై అంతస్తుల్లో ఆ పని మెకానిక్‌కే వదిలేయాలి.

ఇక మూసినా సందు మిగులుతోందా? కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి, హ్యాండిల్ తిప్పి, లాగండి. తేలిగ్గా వచ్చేస్తే అక్కడ బిగువు లేనట్టే. హ్యాండిల్ తిప్పినప్పుడు రెక్క అంచున గుండ్రటి పిన్నులు కదులుతాయి. చాలా కిటికీల్లో వాటిని అలెన్ కీతో కొద్దిగా తిప్పితే రెక్క రబ్బరుకు గట్టిగా ఆనుతుంది. హ్యాండిల్ తిప్పడం కష్టమైందంటే ఎక్కువ బిగించినట్టు; కాస్త వదులు చేయండి. హ్యాండిలే ఊగుతుంటే దాని మూత పక్కకు తిప్పి, లోపలి స్క్రూలు బిగిస్తే సరి.