పాసైన బిల్లుకు బతిమాలుకోవడం ఎందుకు?

ఈసారి కాస్త ఘాటుగానే రాస్తున్నాం. మనలో కొందరికి కోపం రావచ్చు, వస్తే రానివ్వండి.

హోసూరు, శూలగిరి, బేరికై, బాగలూరు వైపు మనవాళ్లలో చిన్న చిన్న ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లు చాలామందే ఉన్నారు. కల్వర్టు, బడి ప్రహరీ గోడ, నీళ్ల ట్యాంకు, సిమెంటు రోడ్డు ముక్క, ఇలాంటి పనులు. పని అయిపోతుంది, కొలతలు రాస్తారు, బిల్లు పాసైందంటారు, డబ్బు మాత్రం రాదు. అప్పుడు ఒక కాగితం రాసుకుని, "అన్నా, దీన్ని కొంచెం బాగా దిద్దివ్వండి" అని మన దగ్గరికి వస్తారు. మనలో చేయి తిరిగినవాళ్లు ముచ్చటపడి దిద్దుతారు. ఆ దిద్దుబాటు మీదే ఇప్పుడు మా గొడవంతా.

ఈ మధ్య అలా దిద్దిన ఒక ఉత్తరం మా చేతికి వచ్చింది. పని బేరికై వైపు ఒక పల్లెలో బడి ప్రహరీ గోడ. కాంట్రాక్టరు రాసుకున్నది ఆరే ఆరు వాక్యాలు, అదీ తప్పులతో. మనవాళ్లు దాన్ని రెండు పేజీలు చేశారు. "ఘనత వహించిన అధికారి వారి దివ్య సముఖమునకు" అని మొదలు. తాము ప్రజల పాలిట దైవసమానులు, తమ చల్లని చూపు కోసం చకోర పక్షిలా ఎదురుచూస్తున్నాం అని ఒక పేరా. భార్యాబిడ్డల అవస్థ, వడ్డీకి తెచ్చిన అప్పు, మేస్త్రీ రోజూ ఇంటి ముందు కూర్చోవడం మరో పేరా. చివర్లో "ఈ బీదవాని మొర ఆలకించి కరుణించగలరు" అని దండం. పని నంబరు ఎక్కడా లేదు. బిల్లు ఏ తేదీన పాసైందో లేదు. ఎంత రావాలో మాత్రం ఉంది, "సుమారు 5 లక్షలు" అని. ఆ సుమారు ఒక్కటి చాలు, ఉత్తరాన్ని పక్కన పెట్టడానికి.

దీన్ని తమిళంలోకి మార్చి ఇచ్చారు. ఆఫీసులో చదివే గుమాస్తాకు చకోర పక్షితో పనేముంది? అతనికి కావలసింది బీరువాలోంచి ఏ ఫైలు తీయాలో చెప్పే ఒక్క నంబరు. తమిళ ఆఫీసు ఉత్తరానికి ఒక నమూనా ఉంది. పైన అనుప్పునర్, పెఱునర్, అంటే పంపేవారు, అందుకునేవారు. ఆ తర్వాత పొరుళ్, అంటే విషయం. దాని కింద పార్వై. మనవాళ్లు ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది ఆ పార్వైనే. వర్క్ ఆర్డరు నంబరు, ఒప్పందం నంబరు, తేదీలు రాయాల్సింది అక్కడే. ఆ ఒక్క వరుస నిండితే కింద రెండు పేజీల కవిత్వం అక్కర్లేదు.

అసలు "బిల్లు పాసైంది" అనే మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఇంజనీరు ఎం-బుక్కులో కొలతలు రాస్తే పాసైనట్టు అనుకునేవాళ్లున్నారు. పై ఇంజనీరు ఆ కొలతలు సరిచూసి సంతకం పెడితే పాసైనట్టు అనుకునేవాళ్లున్నారు. ఆ తర్వాత బిల్లు తయారవ్వాలి, డబ్బు మంజూరు చేసే అధికారం ఉన్నవారు ఇంత మొత్తానికి అని సంతకం పెట్టాలి, అది ట్రెజరీకి వెళ్లాలి, అక్కడినుంచి బ్యాంకు ఖాతాలో పడాలి. ఈ దారిలో డబ్బు ఎక్కడైనా ఆగవచ్చు. ఆ పద్దు కింద నిధులు రాకపోవచ్చు. ట్రెజరీ ఏదో కాగితం లేదని బిల్లు వెనక్కి పంపి ఉండవచ్చు, ఆ సంగతి కాంట్రాక్టరుకు ఎవరూ చెప్పకపోవచ్చు. లేదా బిల్లు ఇంకా ఆఫీసులోనే కదలకుండా ఉండవచ్చు. ఈ మూడింటికీ మందు వేరు. మన ఉత్తరం మాత్రం మూడింటికీ ఒకే దండం పెడుతుంది.

అందుకే ఆ ప్రహరీ గోడ కాంట్రాక్టరును కూర్చోబెట్టి కాగితాలన్నీ తెప్పించాం. చూస్తే ఫైనల్ బిల్లు 4,86,400 రూపాయలకు ఆగస్టు నెలలోనే పాసైంది. ఆయన చెప్పే 5 లక్షలు ఎస్టిమేటు మొత్తం. ఒప్పందం ప్రకారం అందులో 5 శాతం, అంటే 24,320 రూపాయలు, గ్యారంటీ గడువు తీరేదాకా ఆఫీసే ఉంచుకుంటుంది. ఇప్పుడు అడగదగ్గది 4,62,080. అందులోనూ ఆదాయపు పన్నులాంటి కోతలు పోను మిగిలేది. ఈ లెక్క ఎందుకంటే, 5 లక్షలు అని రాస్తే ఆఫీసు సమాధానం దాని మీదే వస్తుంది. "మీరు అడిగిన మొత్తం రికార్డుతో సరిపోలేదు" అని ఒక్క వరుస. అది అబద్ధం కాదు, కానీ దానితో ఇంకో రెండు నెలలు గడిచిపోతాయి. గ్యారంటీ సొమ్మును ఇప్పుడే రావలసిన సొమ్ముతో కలిపి అడిగినా ఇదే గతి.

చివరికి పోయిన ఉత్తరం ఇంతే. తమిళంలో పోయింది, దాని సారం తెలుగులో ఇస్తున్నాం.

"పైన చూపిన ఒప్పందం ప్రకారం ప్రహరీ గోడ పని పూర్తి చేశాను. కొలతలు ఎం-బుక్కులో ఫలానా పేజీల్లో నమోదై, ఫైనల్ బిల్లు ఆగస్టులో ఫలానా తేదీన 4,86,400 రూపాయలకు పాసైంది. నిలిపి ఉంచే 24,320 రూపాయలు పోను, చట్టప్రకారం కోతలు మినహాయించి మిగతా మొత్తం ఇంతవరకు నా ఖాతాలో జమకాలేదు. ఈ బిల్లు ఇప్పుడు తమ కార్యాలయంలో ఉందా, ట్రెజరీకి పంపారా, వెనక్కి వచ్చిందా, లేక నిధుల కేటాయింపు కోసం ఆగిందా, రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన. నా వైపు నుంచి ఏదైనా కాగితం కావాలంటే చెప్పండి, వెంటనే ఇస్తాను. ఈ ఉత్తరం అందిన నాటి నుంచి బకాయి మీద వడ్డీ కోరుతున్నాను."

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. "ప్రార్థన" అన్న మాట ఉంచాం, అది ఆఫీసు మర్యాద. మర్యాద వేరు, మోకరిల్లడం వేరు.

వడ్డీ వాక్యం చూసి మన పెద్దలు ఒకరిద్దరు కంగారుపడ్డారు. "అంత మాట ఎందుకు సామీ, పై అధికారికి కోపమొస్తుంది, రేపు ఇంకో పని ఇవ్వరు" అన్నారు. ఈ భయం ఊరికే వచ్చింది కాదు, తీసిపారేయలేం. చిన్న కాంట్రాక్టరుకు రేపటి టెండరూ ఆ గుమ్మంలోనే. కానీ ఆ వాక్యం బెదిరింపు కాదు. 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం, చెల్లించే తేదీ కాగితం మీద ముందే నిర్ణయమై లేనప్పుడు, వడ్డీ కోరుతున్నామని రాతపూర్వకంగా తెలిపిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించవచ్చు. ఆ మాట రాయకపోతే ఆ తేదీయే ఉండదు. అయితే ముందు ఒప్పందం చదవాలి. ఆలస్యానికి వడ్డీ ఇవ్వం అన్న షరతు అందులో ఉంటే ఈ వాక్యం నిలవదు, తీసేయాలి. ఈయన ఒప్పందంలో అలాంటిది లేదు కాబట్టే ఉంచాం. కోర్టులు వడ్డీ ఇప్పించవు అనేవాళ్లకు ఒక మాట. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉపాధి హామీ పనుల పాత బిల్లులను 12 శాతం వడ్డీతో నాలుగు వారాల్లో చెల్లించమని అక్కడి ప్రభుత్వాన్ని ఆదేశించింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో జబ్బు ఉంది. కుర్రవాళ్లు ఫోన్‌లో చూసి చిన్న పరిశ్రమల చట్టం సెక్షన్లన్నీ ఉత్తరంలో దిగేస్తున్నారు. 45 రోజుల్లో చెల్లించాలి, లేకుంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అని. 2006 నాటి ఆ చట్టంలో ఆ మాటలు నిజంగానే ఉన్నాయి. కానీ గోడ కట్టడంలాంటి వర్క్స్ కాంట్రాక్టుకు అవి వర్తించవని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. బడికి బెంచీలు తయారుచేసి ఇచ్చినవారు, అదీ ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నవారు, ఆ దారిన పోవచ్చు. గోడ కట్టినవాడు ఆ సెక్షన్ పట్టుకుంటే ఆఫీసుకు సులువైన జవాబు తనే చేతికిచ్చినట్టు. మిగతా ఉత్తరం ఎంత నిజమైనా ఆ ఒక్క వాక్యం దాన్ని పలచన చేస్తుంది.

ఇక సోమవారం సంగతి. కృష్ణగిరి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజల ఫిర్యాదులు తీసుకుంటారు కాబట్టి, హోసూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి అర్జీ ఇచ్చి వస్తే పనైపోయిందనుకుంటాం. ఆ అర్జీ చివరికి దిగేది ఏ ఆఫీసులో డబ్బు ఆగిందో ఆ ఆఫీసు బల్ల మీదే. అక్కడ ఇంతకుముందు మన ఉత్తరం, దానికి ముద్ర వేసిన రసీదు ఉంటే అర్జీకి బలం వస్తుంది. లేకపోతే "పరిశీలనలో ఉంది" అన్న వరుసతో మూసేస్తారు. అందుకని మొదటి ఉత్తరం బిల్లు పాస్ చేసిన అధికారి పేరిటే పోవాలి, నకలు మాత్రమే పైవారికి. చేతికిస్తే మన ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. పోస్టులో పంపితే రిజిస్టరు రసీదు దాచుకోవాలి.

"ఇవన్నీ ఎందుకు, మనకు తెలిసిన ఒక నాయకుడున్నాడు, ఫోన్ చేయిస్తే సరి" అని సంఘంలోనే ఒక వర్గం వాదిస్తుంది. వీళ్లతోనే మాకు అసలు తగువు. ఫోన్‌తో ఒక్కోసారి డబ్బు పడుతుంది, లేదనం. కానీ పడనప్పుడు చేతిలో ఏం మిగులుతుంది? చేసిన పనికి డబ్బు ఇవ్వలేదని దావా వేయడానికి గడువు మామూలుగా మూడేళ్లు, అదీ పని పూర్తయిన నాటి నుంచి. మంచి మాటలు వింటూ, మర్యాదగా కలిసి వస్తూ రెండున్నరేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. అదే ఆ గడువులోగా, బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ అధికారం ఉన్న అధికారి సంతకంతో ఒక జవాబు వస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ కొత్తగా లెక్కకొస్తాయి. మన ఉత్తరం నాలుగు ప్రశ్నలు వేసి రాతపూర్వక జవాబు కోరింది ఇందుకే. నాయకుడి ఫోన్‌కు ఎవరూ సంతకం పెట్టరు.

జవాబు రాకపోతే? నెలరోజులు చూసి సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. అందులో "ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు, కారణాలు అడిగితే తప్పించుకుంటారు. ఆ బిల్లు ఫైలులోని నోట్ షీట్ల నకళ్లు, ట్రెజరీకి పంపిన తేదీ, తిరిగి వచ్చి ఉంటే ఆ అభ్యంతరం నకలు అడగాలి. ఉన్న కాగితాలే అడుగుతున్నాం కాబట్టి లేదనడానికి వీలుండదు.

ఆ ప్రహరీ గోడ ఉత్తరానికి ఆరో వారంలో జవాబు వచ్చింది. రెండు వరుసలు, కింద సంతకం, ముద్ర. బిల్లు పాసైన మాట నిజమేనట, నిధుల కేటాయింపు కోసం పైకి రాశారట, వచ్చిన వెంటనే చెల్లిస్తారట. డబ్బు ఇంకా పడలేదు. అయినా కాంట్రాక్టరు ఆ కాగితాన్ని మూడు జిరాక్సులు తీయించి, ఒకటి మన దగ్గర పెట్టి పోయాడు. నిధులు వచ్చాయా లేదా అని రెండు నెలలకోసారి ఒక చిన్న గుర్తు ఉత్తరం పంపడానికి ఒప్పుకున్నాడు. అవసరమైతే దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి కాబట్టి, గడువు తేదీకి మూడు నెలల ముందు ఒక తేదీని మన రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసి ఉంచాం. ఇలాంటి పాసైన బిల్లుల కాగితాలు ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఆదివారం ఆఫీసుకు తెండి. వర్క్ ఆర్డరు, ఒప్పందం, ఎం-బుక్కు పేజీల నంబర్లు ఉంటే చాలు. చకోర పక్షిని ఇంటి దగ్గరే వదిలిపెట్టి రండి.