రహస్యం మాటలో కాదు, రూపాయి బిళ్ళలో ఉండాలి
(సైదాబాద్ రాతలు – 17)

ఈసారి కొంచెం లెక్కల ముచ్చట. భయపడకండి, కూడికలు, తీసివేతలు దాటి పోను.

సైదాబాద్‌లో గానీ, అటు చంపాపేట వైపు గానీ, ఇటు సంతోష్ నగర్ వైపు గానీ టూలెట్ బోర్డు చూసి ఓనరు గుమ్మం ఎక్కిన మనవాళ్ళందరికీ తెలిసిన ప్రశ్న ఒకటుంది. పేరు అడుగుతారు, ఉద్యోగం అడుగుతారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "మీరేమిట్లు?" అంటారు. కొందరు సూటిగా అడగరు. "నాన్‌వెజ్ తింటారా?", "మీ ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" అని చుట్టూ తిరుగుతారు. అక్కడ కులం ఉన్నది ఉన్నట్టు చెప్పి వెనక్కి తిరిగి వచ్చినవాళ్ళున్నారు. ఇంకో కులం పేరు చెప్పి తాళంచెవి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎంతమంది? వందలో పదిమందా, ముప్పై మందా? దీనికి మన దగ్గర లెక్క లేదు.

ఓనర్లు ఏం చేస్తారో కొంత లెక్క ఉంది. సుఖదేవ్ థోరాట్, ఆయన తోటి పరిశోధకులు 2012లో ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ కోసం దళితులను, ముస్లింలను, అగ్రకులాల వాళ్ళను విడివిడిగా పంపి, ఎవరికి ఇల్లు దొరికిందో రాసుకున్నారు. ఆ పద్ధతి తలుపు మూసేవాడి సంగతి పట్టుకుంటుంది. తలుపు మూయకుండా ఉండడానికి మనవాళ్ళు ఏం దాచుకోవాల్సి వస్తుందో అది చెప్పదు.

మరి నేరుగా అడిగితే? అడగొచ్చు. కానీ ఎక్కడ నిలబడి అడుగుతాం? కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్ళు, మెట్ల మీద మనం. "మీరు కులం దాచి ఈ ఇల్లు తీసుకున్నారా?" అంటే ఎవరు అవునంటారు? 2024 నవంబర్ 6న మొదలైన సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే గుర్తు చేసుకోండి. రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం అని చెప్పిన సర్వే అది. ఆ లెక్క అవసరం. కానీ ఓనరు వినేంత దూరంలో కులం అడిగినప్పుడు, ఆ ఓనరుకు ఇంకో కులం చెప్పుకుని ఉంటున్న కుటుంబం ముందు రెండే దారులు. నిజం చెప్పి ఇల్లు పోగొట్టుకోవడం, లేదా అదే అబద్ధాన్ని ప్రభుత్వ కాగితం మీద కూడా ఎక్కించడం.

"వివరాలు రహస్యంగా ఉంచుతాం" అని ప్రతి సర్వేవాడూ అంటాడు. ఆ మాట నమ్మాలంటే అడిగేవాణ్ణి నమ్మాలి, వాడి పై ఆఫీసును నమ్మాలి, ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో వాళ్ళనీ నమ్మాలి. నా వాదన ఒక్కటే. మన వాళ్ళను నమ్మమని అడగకూడదు. నమ్మాల్సిన అవసరం లేకుండా అడగాలి. రహస్యాన్ని భద్రంగా దాస్తామని చెప్పడం కాదు, ఆ రహస్యం మన చేతికి అసలు రాకుండానే లెక్క తేల్చాలి.

అది కుదురుతుంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన అమెరికాలో దీనికి మొదటి దారి చూపించాడు. ఆయన పద్ధతిలో ఒక ముల్లు తిప్పుతారు. అది ఆగిన చోటును బట్టి జవాబు చెప్పేవాడి ముందు "నేను దాచాను" అన్న వాక్యమో, "నేను దాచలేదు" అన్న వాక్యమో ఉంటుంది. ఏ వాక్యం వచ్చిందో అడిగేవాడికి కనబడదు, అవునో కాదో మాత్రమే వినబడుతుంది. కానీ ముల్లు రెండు వైపులా సమానంగా ఆగితే ఈ పద్ధతి పనిచేయదు. ఎంతమంది దాచినా సగం అవును, సగం కాదు అనే వస్తుంది. అందుకే బిళ్ళ ఎగరేసే పద్ధతికి వేరే నియమం పెట్టారు.

ఆ నియమం ఇది. మీ జేబులోని రూపాయి బిళ్ళ మీరే తీయండి, నాది వద్దు. నాకు కనబడకుండా ఎగరేయండి. మూడు సింహాల వైపు పడితే, ప్రశ్న ఏదైనా సరే "అవును" అనండి. అంకె వైపు పడితే నిజం చెప్పండి. ఏది పడిందో నాకు చెప్పొద్దు. అంతే.

ఇప్పుడు మీరు "అవును" అన్నారు. మీరు కులం దాచారా, లేక సింహాలు పడ్డాయా? నాకు తెలియదు. ఓనరుకు తెలియదు. ఆ కాగితం పోలీసులకు దొరికినా తెలియదు.

మరి లెక్క ఎలా వస్తుంది? 400 మందిని అడిగామనుకుందాం. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న అంకె, ఎక్కడా చేసిన సర్వే కాదు. అందులో దాదాపు 200 మందికి సింహాలు పడతాయి, వాళ్ళంతా అవునంటారు. మొత్తం అవునన్నవాళ్ళు 260 మంది వచ్చారనుకోండి. 200 తీసేస్తే 60. ఈ 60 మంది అంకె పడి నిజం చెప్పిన మిగతా 200 మందిలోని వాళ్ళు. అంటే 30 శాతం. సింహాలు పడ్డవాళ్ళలో కూడా దాచినవాళ్ళు ఇంచుమించు అంతే ఉంటారు కాబట్టి, 400 మందిలో దాదాపు 120 మంది కులం దాచారన్నమాట. ఆ 120 మందిలో ఒక్కరి పేరు కూడా మన దగ్గర లేదు.

దీనికి ధర కూడా ఉంది, అది దాచిపెట్టి పద్ధతిని అమ్మకూడదు. బిళ్ళ ఎప్పుడూ సరిగ్గా సగం సగం పడదు. అందుకని 400 మందితో వచ్చిన ఆ 30 శాతాన్ని సుమారు 21 నుంచి 39 దాకా ఎక్కడైనా ఉండొచ్చని చదవాలి. అందరూ నిజమే చెప్పే లోకంలో నేరుగా అడిగితే ఇదే 400 మందితో 25 నుంచి 35 మధ్యకు వచ్చేవాళ్ళం. బిళ్ళతో అంత దగ్గరికి రావాలంటే నాలుగు రెట్లకు పైగా, అంటే 1,700 మందికి పైగా కావాలి. యాభై ఇళ్ళు తిరిగి బిళ్ళ ఎగరేయించి శాతం ప్రకటించేవాళ్ళను నమ్మకండి.

అసలు చిక్కు ఇంకొకటి. నేను దీని గురించి చెప్పినప్పుడు మా బస్తీ పెద్దమ్మ ఒకామె అన్నది: "నేనెన్నడూ నా కులం దాచలే బిడ్డా. బిళ్ళ పడ్డదని దాచిన్నని ఎందుకు చెప్పాలె?" ఆమె మాటలో మొత్తం శాస్త్రం ఉంది. సింహాలు పడ్డా సరే, చేయని పనికి అవునని చెప్పడం మానం ఉన్నవాళ్ళకు కష్టం. జీవితమంతా తలెత్తుకుని కులం చెప్పుకున్న మనిషికి ఇంకా కష్టం.

పై ఉదాహరణలోనే సింహాలు పడ్డ 200 మందిలో 140 మంది ఎన్నడూ దాచనివాళ్ళు. వాళ్ళలో 40 మంది పెద్దమ్మలాగే ఒప్పుకోక "కాదు" అన్నారనుకోండి. అవునన్నవాళ్ళు 260 కాదు, 220 అవుతారు. 200 తీసేస్తే 20. నిజంగా 30 శాతం ఉన్నది 10 శాతంగా కనబడుతుంది. రేపు ఎవరో లేచి "చూశారా, హైదరాబాద్‌లో ఈ సమస్య పెద్దగా లేదు" అంటారు. మొత్తం అవునన్నవాళ్ళు సగం కంటే తక్కువ వస్తే మైనస్ శాతం వస్తుంది, అప్పుడు పద్ధతి చెడిందని ఎవరికైనా అర్థమవుతుంది. కానీ పది శాతం వస్తే అది నిజమైన పదో, చెడిపోయిన ముప్పైయో అంకెను చూసి చెప్పలేం. ప్రమాదం అక్కడే ఉంది.

పట్టుకోవడానికి ఒక దారుంది. ముందుగా ఎవరూ చేయని పని గురించి ఇదే బిళ్ళతో అడగాలి. "మీరు చంద్రుడి మీద నడిచారా?" అనుకోండి. అందరూ నియమం పాటిస్తే సగం మంది అవునాలి. 42 శాతమే అన్నారంటే, సింహాలు పడ్డవాళ్ళలో ఆరో వంతు దాకా ఆట ఆడలేదని అర్థం. చంద్రుడి విషయంలోనే అంతమంది ఆడకపోతే, కులం విషయంలో ఇంకా ఎక్కువమంది ఆడరు. అప్పుడు వచ్చిన శాతాన్ని "కనీసం ఇంత" అని మాత్రమే చెప్పాలి, "ఇంతే" అనకూడదు.

కుదిరినచోట ఈ పద్ధతి నిజానికి దగ్గరగా వస్తుందని పరీక్ష కూడా జరిగింది. 2011లో అమెరికాలోని మిసిసిపీలో గర్భస్రావంతో ముడిపడిన ఒక ప్రతిపాదన మీద ఓటింగ్ పెట్టారు. తర్వాత పరిశోధకులు అక్కడి జనాన్ని ఎలా ఓటేశారని రకరకాల పద్ధతుల్లో అడిగి, అసలు ఓట్ల లెక్కతో పోల్చారు. నేరుగా అడిగితే "వద్దు" అన్న ఓట్లు బాగా తక్కువగా వచ్చాయి. ఇలా యాదృచ్ఛిక జవాబు పద్ధతిలో అడిగినవే అసలు లెక్కకు అన్నిటికంటే దగ్గరగా వచ్చాయి. ఇంకొన్ని చోట్ల ఇదే పద్ధతి నేరుగా అడిగినదానికంటే తక్కువ చూపించిన సందర్భాలూ ఉన్నాయి. కారణం మా పెద్దమ్మ చెప్పిందే.

పెద్దమ్మకు జవాబు ఇంకో పద్ధతిలో ఉంది. అందులో మన తెలుగు ఇంటిపేరు కూడా ఉంది. దామరాజు రాఘవరావు అనే గణాంక శాస్త్రవేత్త, ఫెడరర్‌తో కలిసి 1979లో, ఒక్కో ప్రశ్నకు జవాబు అడగకుండా కొన్నిటి మొత్తం మాత్రమే అడిగే దారి చెప్పారు. ఆ దారిలోని సులువైన రూపం ఇది. సగం మందికి నాలుగు మామూలు వాక్యాలున్న కార్డు ఇస్తాం: నాకు సొంత బండి ఉంది, నేను నల్గొండలో పుట్టాను, ఇలాంటివి. మిగతా సగానికి అవే నాలుగు, ఐదోది "ఇల్లు కోసం కులం దాచాను". ఏవి నిజమో చెప్పొద్దు, ఎన్ని నిజమో చెప్పండి చాలు. మొదటి వాళ్ళ సగటు 1.8, రెండో వాళ్ళది 2.1 వస్తే తేడా 0.3, అంటే 30 శాతం. ఇక్కడ ఎవరూ చేయనిదాన్ని చేశామని చెప్పక్కర్లేదు. దీనికీ మనుషులు ఎక్కువే కావాలి. పైగా ఐదూ నిజమైన మనిషి "ఐదు" అన్నాడంటే దొరికిపోయినట్టే. అందుకే అన్నీ ఒకే మనిషికి నిజమయ్యేలా వాక్యాలు పెట్టకూడదు.

కొందరు మిత్రులు కోప్పడతారు, తెలుసు. "మనవాళ్ళకు దాచుకోవడం నేర్పుతావా? ధైర్యంగా చెప్పమను" అంటారు. ధైర్యం చెప్పడం సభలో చేద్దాం. అద్దె ఇంట్లో పిల్లల పరీక్షలు పెట్టుకుని ఉన్న తల్లిని, మన లెక్క కోసం ధైర్యం చూపించమని అడిగే హక్కు సర్వేకు లేదు.

ఇంకో జాగ్రత్త. కులగణనకు బదులు బిళ్ళ చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బిళ్ళ ఒక గుంపులో ఎంత శాతమో చెబుతుంది, ఏ కుటుంబం ఏమిటో చెప్పదు. రిజర్వేషన్‌కు, నిధులకు ఇంటింటి గణన కావాల్సిందే. ఏ గణనా అడగలేని ప్రశ్నలకే బిళ్ళ.

గూగుల్ 2014లోనే ఈ ఆలోచననే క్రోమ్ బ్రౌజర్‌లో పెట్టింది. మనుషుల అలవాట్లు లెక్కించుకోవడానికి కంపెనీలకు ఇంత మర్యాద గుర్తొచ్చింది. మన గాయాలు లెక్కించడానికి వచ్చేవాళ్ళకు ఎందుకు గుర్తురాదు? ఇకమీద ఎవరైనా మన బస్తీకి ఇలాంటి ప్రశ్నల కాగితం పట్టుకొస్తే మూడు అడగండి. నా జవాబు నీక్కూడా తెలియకుండా ఎలా అడుగుతావు? ఎంతమందిని అడుగుతున్నావు? నియమం పాటించనివాళ్ళను ఎలా కనిపెడతావు? ఈ మూడింటికీ జవాబు ఉంటే కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి. లేకపోతే చాయ్ ఇచ్చి పంపేయండి.

జై భీమ్.