మొదట తగ్గేది నీరు

హైపోథైరాయిడిజం ఉందని తేలగానే చాలామంది ఒకే వారంలో రెండు పనులు మొదలుపెడతారు. డాక్టరు రాసిన లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటారు, జిమ్‌లో ఇచ్చిన 1200 కేలరీల పట్టికా పాటిస్తారు. నెలన్నరలో రెండు మూడు కిలోలు తగ్గుతారు. ఆ తరవాత బరువు అక్కడే ఆగిపోతుంది. మందు పనిచేయడం లేదని, తమ ఒంటికి ఇక బరువు తగ్గే యోగం లేదని దిగులు పడతారు. తిండి ఇంకా తగ్గిస్తారు.

ఆ మొదటి కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. థైరాయిడ్ హార్మోను చాలినంత లేనప్పుడు ఒళ్లు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుంటుంది. ముఖం, కనురెప్పలు ఉబ్బేది అందుకే. మాత్రతో హార్మోను సరైతే ఆ నీరు పోతుంది, కొవ్వు దాదాపు అలాగే ఉంటుంది. ఈ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలేనని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. లోపం స్వల్పంగా ఉన్నవారికి అంత కూడా ఉండకపోవచ్చు. పదిహేను కిలోలు పెరిగిన మనిషికి ఈ మాట చేదుగానే ఉంటుంది. కానీ మాత్ర పని ఏదో, ఆహారం పని ఏదో ఇక్కడే విడివడుతుంది.

36 ఏళ్ల గృహిణి ఒకరిని ఊహించుకుందాం. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. మొదటి రెండు నెలలు ఆమె కడుపు మాడ్చుకోనక్కరలేదు. ఆ రోజుల్లో చేయవలసింది మాత్రను ఒంటబట్టించుకోవడం. పొద్దున పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష. డోసు మార్చిన ఫలితం అంతకన్నా ముందు స్పష్టంగా కనబడదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే అంకెలు తప్పుగా రావచ్చు. ఈ రెండు నెలలూ నడక, తేలికపాటి బరువులు చాలు. కండరాల నొప్పులు, అలసట తగ్గేదాకా కఠిన వ్యాయామం జోలికి పోకూడదు.

టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చాక లెక్క మొదలవుతుంది. వారంలో మూడు నాలుగు రోజులు వ్యాయామం చేసే ఆమె ఒంటికి రోజుకు సుమారు 1850 కేలరీలు ఖర్చు. 1500 తింటే చాలు. 1200కు దిగితే ఆకలికీ అలసటకూ తోడు, క్రియాశీలమైన టీ3 హార్మోను కూడా తగ్గుతుంది. హార్మోను లోపంతో వచ్చిన మనిషికి ఆ శిక్ష ఎందుకు? ప్రొటీన్ 80 గ్రాముల దాకా అందాలి. పొద్దున రెండు పెసరట్లు, ఒక గుడ్డు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, కూర, 100 గ్రాముల చికెన్ లేదా చేప, పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడికిన సెనగలు. రాత్రి రెండు పుల్కాలు, రెండు గుడ్ల కూర. అన్నం మానక్కరలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తినవచ్చు, అయోడైజ్డ్ ఉప్పు వాడే ఇంట్లో వాటికి భయపడవలసిన పని లేదు. గోధుమ పడని జబ్బు లేనివారు గోధుమ మానితే థైరాయిడ్‌కు ఒరిగేదేమీ లేదు.

ఇలా తింటే నెలకు కిలో, కిలోన్నర తగ్గడం మంచి ఫలితం. మూడు నెలలకు మూడు నాలుగు కిలోలు. రోజూ కాక వారం సగటు చూసుకోవాలి. నెలసరి ముందు పెరిగే నీటిని కొవ్వు అనుకోకూడదు. నడుము కొలత కూడా రాసుకోవాలి. నాలుగు వారాలు బరువూ నడుమూ రెండూ కదలకపోతే, పళ్లెం తగ్గించే ముందు మాత్ర వేళ తప్పుతోందేమో చూడాలి, టీఎస్‌హెచ్ మళ్లీ చేయించాలి. అవి సరిగా ఉంటేనే మరో 100 కేలరీలు కోయాలి.

తొందరపడి డోసును సొంతంగా పెంచుకోవద్దు. అవసరానికి మించిన థైరాక్సిన్ గుండె లయను తప్పిస్తుంది, ఎముకను పలచబరుస్తుంది, కండను కరిగిస్తుంది. బరువు తగ్గించే మందుగా దాన్ని వాడకూడదు.