పెట్టె బరువు ఒక్కటే చూస్తే చాలదు

శంషాబాద్, మేడ్చల్ వైపు గోదాముల్లో కొత్తగా చేరేవారికి ఇచ్చే భద్రతా శిక్షణ చాలాచోట్ల ఒక వీడియోతో మొదలై ఒక సంతకంతో ముగుస్తుంది. మోకాళ్లు వంచండి, నడుం నిటారుగా పెట్టండి అని అందులో చెబుతారు. చెప్పింది తప్పేమీ కాదు గానీ, దానితో నడుంనొప్పి తగ్గుతుందన్న భరోసా మాత్రం లేదు. బరువులెత్తే పద్ధతిపై సలహాలు, శిక్షణల మీద జరిగిన అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2011లో సమీక్షించింది. అసలు శిక్షణే పొందనివారితో పోల్చినా, శిక్షణ పొందినవారికి నడుంనొప్పి తగ్గినట్టు అందులో తేలలేదు.

అంటే శిక్షణ మానేయాలని కాదు, ఏం నేర్పాలో మార్చుకోవాలి. ఎలా ఎత్తాలన్నదానికంటే ముందు, దీన్ని ఇలా ఇక్కడినుంచి ఎత్తవచ్చా అని ఆగి చూడటం నేర్పాలి.

ఒక సన్నివేశం తీసుకుందాం. ప్యాలెట్ మీద వంటనూనె ప్యాకెట్ల అట్టపెట్టెలున్నాయి. ఒక్కోటి 12 కిలోలు, 30 సెంటీమీటర్ల లోతు. పైవరసలు ఖాళీ అయ్యాయి. అట్టడుగు వరసలో, అవతలి అంచున ఒక పెట్టె మిగిలింది. పక్కనే ట్రాలీ ఉంది. షిఫ్టు పొడవునా నిమిషానికో పెట్టె చొప్పున ఎత్తాలి. 12 కిలోలంటే పెద్ద బరువేం కాదని ఎవరైనా అంటారు. సంచీ బియ్యం భుజాన వేసుకునే హమాలీ అయితే నవ్వుతాడు కూడా.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ఒకటుంది. అన్నీ అనుకూలిస్తే 23 కిలోలతో మొదలుపెట్టి, పెట్టె శరీరానికి ఎంత దూరం, నేలకు ఎంత ఎత్తు, ఎన్నిసార్లు ఎత్తాలి వంటివాటిని బట్టి ఆ అంకెను తగ్గించుకుంటూ పోతారు. చేతులు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చీలమండలకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పెట్టెను 75 సెంటీమీటర్ల ఎత్తుకు తేవడానికి ఆ సూత్రం ఒప్పుకునే బరువు సుమారు 5 కిలోలే. మన పెట్టె అంతకు రెట్టింపు దాటింది. ప్యాలెట్ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, దూరం 40కి తగ్గిస్తే 7.5 కిలోలవుతుంది. ఇంకా చాలదు. కింద ఖాళీ ప్యాలెట్లు పేర్చో, లిఫ్టు టేబుల్ పెట్టో పెట్టెను నడుము ఎత్తుకు తెస్తే, దూరం 35 అవుతుంది, హద్దు 12 కిలోలు దాటుతుంది. అదే మనిషి, అదే పెట్టె. మోకాళ్ల ప్రస్తావనే రాలేదు.

కొత్తవారికి ఈ లెక్క నేర్పనక్కర్లేదు. ఈ మూడు స్థితుల ఫొటోలు చూపించి, ఏది ముందు చేస్తారని అడిగితే చాలు. ఇక్కడ పనిచేసేవారిలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారు కూడా ఉంటారు కాబట్టి, రాతకంటే ఫొటోలే నయం. ప్రశ్న హిందీ, ఒడియాలో కూడా వినిపించాలి. రెండో సన్నివేశంగా బరువు రాయని పెట్టెను పెట్టవచ్చు. ఎత్తే ముందు ఒక మూల కొద్దిగా లేపి, ఎటువైపు మొగ్గుతోందో చూడాలి. లోపల సరుకు ఒకవైపుకు ఉందంటే, ఆ బరువైన వైపే శరీరానికి దగ్గరగా పెట్టుకోవాలి. ఒక్కరికి మించితే రెండో మనిషిని పిలవాలి.

ఇక పరీక్ష. ‘ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచాలా?’ అంటే వందకు వందమందీ అవునంటారు. అది పరీక్ష కాదు, హాజరు. అవతలి అంచున ఉన్న పెట్టె ఫొటో చూపి నాలుగు దారులివ్వాలి: వంగి అందుకోవడం, మోకాళ్లు వంచి అందుకోవడం, చుట్టూ తిరిగి దగ్గరకు వెళ్లడం, దాన్ని వదిలి సూపర్‌వైజర్‌కు చెప్పడం. రెండోది ఎంచుకున్నవారు వీడియో బాగానే విన్నారు, విషయం మాత్రం పట్టుకోలేదు. మూడోది కొంత మేలు. నాలుగోదే పెట్టె ఎత్తును మార్చించగలదు. ఇదే ప్రశ్నను శిక్షణ రోజునే కాకుండా వారం తర్వాత మళ్లీ అడగాలి. రెండో వారంలో, షిఫ్టు చివరి గంటలో, ఎవరైనా పక్కన నిలబడి ఆ మనిషి నిజంగా ప్యాలెట్ చుట్టూ తిరిగి వస్తున్నాడా లేదా చూడాలి.

ఎక్కువమంది కాగితం మీద నాలుగోది ఎంచుకుని, పనిలో మాత్రం వంగి లాగేస్తుంటే వారికి మళ్లీ పాఠం చెప్పి లాభం లేదు. గంటకు ఎన్ని పెట్టెలని స్కానర్ లెక్కకడుతోందో, చుట్టూ తిరిగి రావడానికి ఆ లెక్కలో సమయం ఉందో లేదో మేనేజర్ చూడాలి. సూపర్‌వైజర్‌ను పిలిచినందుకు ఎవరి రేటింగ్ అయినా పడిందా అనీ చూడాలి. అందుకే ఈ పరీక్ష ఫలితాలు సిబ్బంది ఫైళ్లలోకి వెళ్లే ముందు, ప్యాలెట్లను ఎక్కడ, ఎంత ఎత్తున పెట్టాలో నిర్ణయించేవారి బల్ల మీదికి వెళ్లాలి.