చెరిపేసిన మాట

వాట్సాప్‌లో పేరు కింద typing… అని వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చి, చివరికి ముక్క మెసేజ్ ఒకటి వస్తే మనం ఊరుకోం కదండీ. ఏదో దాస్తోందనో, కోపంగా ఉందనో కథ అల్లేస్తాం. ఆ కథల్లో చాలావాటిని నేను నమ్మను. అవతల వేలు కదులుతోందనే తప్ప, రాస్తున్నారో చెరిపేస్తున్నారో అది చెప్పదు.

వెంకటగిరిలో ఉండే మా పెద్దొదిన అచ్చంగా తెలుగు కీబోర్డు మీదే రాస్తుంది. "క్షేమమే" అనబోయి "క్షీ" పడిందనుకోండి. కంటికి కనిపించేది ఒక్క అక్షరం, లోపల మాత్రం క, పొల్లు, ష, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. ఒకసారి చెరిపితే గుడిదీర్ఘం ఒక్కటే పోతుంది. నిజానికి అక్కడ ఆగి ఏత్వం పెడితే చాలు. ఆవిడ కంగారులో ఇంకోసారి నొక్కుతుంది, ష కూడా పోయి "క్" మిగులుతుంది. మళ్ళీ మొదటికి! ఐదు నిమిషాలకి "క్షేమమే" అని వస్తే, ఇంట్లోవాళ్ళు "వదినకి మనసు బాలేదు" అంటారు. మనసు బాగానే ఉంది, ఒత్తులే కుదర్లేదు. అక్షరం తప్పి తంటాలు పడేవాళ్ళు ఆలస్యంగానైనా మాట పూర్తి చేసి పంపుతారు. లేదంటే పంపాక దిద్దుకుంటారు, పక్కన Edited అని కనిపిస్తుంది.

చెన్నైలో ఉన్న మా అమ్మాయి అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, పేలాలు వేగినట్టు కొడుతుంది. మొన్న సంక్రాంతి ముందు "ఎప్పుడొస్తున్నారు?" అని అడిగితే మూడుసార్లు రాసి ఆపి, చివరికి "అమ్మా, ఈసారి" అని పంపింది. అంతే.

మన భాషలో క్రియ చివర్న కదా వచ్చేది. వస్తామా, రాలేమా అన్నది ఆఖరి మాటలోనే ఉంటుంది. దానికి ముందు ఆగిందంటే సరిగ్గా నిర్ణయం దగ్గరే ఆగిందన్నమాట. అయినా అప్పుడే తేల్చేయకూడదు. కుక్కరు కూసి ఉండొచ్చు, ఎవరైనా పిలిచి ఉండొచ్చు. పొరపాటున పంపినవాళ్ళు కాసేపటికి మిగతా ముక్క పంపుతారు. తటపటాయించేవాళ్ళు మాట మారుస్తారు. పది నిమిషాలకి దీని దగ్గర్నుంచి వచ్చింది, "నాన్న మాత్రలు వేసుకున్నారా?"

అప్పుడు "రావడం లేదా ఏంటి?" అని రాయకూడదని నా ఉద్దేశం. అది అడగడం కాదు, జవాబు మనమే చేతిలో పెట్టడం. "అవును" అనేసి ఊరుకుంటుంది, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. "వేసుకున్నారు. తీరిగ్గా ఫోన్ చెయ్యమ్మా" అని మాత్రం రాశాను.

రాత్రి పదింటికి చేసింది. అల్లుడికి సెలవు దొరకలేదట. తొలి పండక్కి తనొక్కతే వస్తే ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారో, నాన్న తల ఎక్కడ పెట్టుకుంటారో అని మూడుసార్లూ అక్కడే ఆగిందట.

"నువ్వు రా ముందు" అన్నారు మా ఆయన, నా చేతిలో ఫోన్ లాక్కుని.