దిబ్బ తేలితే సముద్రం పెరగదు

ఈ వారం నా ఫోనుకు ఒకే వీడియో పదే పదే వచ్చింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట నీళ్లు తీసిన వేళ బయటపడ్డ ఇసుక దిబ్బ, దాని మీద తిరుగుతున్న కొంగలు. కింద ఒక రాత: కొత్త దీవి పుట్టింది, దాని చుట్టూ రెండు వందల మైళ్ల సముద్రం మన దేశానికి అదనంగా కలిసొచ్చింది, అందరికీ పంపండి. పంపినవాళ్లలో బెజవాడ కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రులు కూడా ఉన్నారు. అందుకే నాకు కోపం వచ్చింది. ఆ ఒడ్డున నిజంగా జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని చూడనివ్వకుండా ఇలాంటి రాతలు మనల్ని ఊరికే సంతోషపెడుతున్నాయి.

ముందు చట్టం సంగతి. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందాన్ని మన దేశం 1995లో ఆమోదించింది. అందులో 121వ అధికరణం దీవుల గురించి. ప్రకృతి సహజంగా ఏర్పడిన నేల అయి ఉండాలి, చుట్టూ నీళ్లుండాలి, నిండు పోటులో కూడా పైకి కనిపించాలి. అప్పుడే అది దీవి. దీవికి ప్రధాన భూభాగానికి ఉన్న హక్కులన్నీ ఉంటాయి. పన్నెండు నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, రెండు వందల మైళ్ల వరకు చేపల మీదా గ్యాసు మీదా హక్కునిచ్చే ప్రత్యేక ఆర్థిక మండలం, దాని కింద ఖండపు అంచు. వీడియో రాసినాయన ఇక్కడి దాకా చదివి ఆపేసినట్టున్నాడు. ఆ అధికరణంలోనే మూడో క్లాజు ఉంది. మనుషుల నివాసాన్ని గానీ సొంత ఆర్థిక జీవనాన్ని గానీ నిలబెట్టలేని రాళ్లకు పన్నెండు మైళ్లే తప్ప ఆర్థిక మండలం లేదు, ఖండపు అంచూ లేదు.

ఈ ఒక్క వాక్యం ఎంత బరువైనదో లెక్క వేస్తే తెలుస్తుంది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న చిన్న నేలముక్కను దీవి అంటే, చుట్టూ గీసే వలయం సుమారు 4,31,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అంత ఉండవు. అదే నేలముక్కను రాయి అంటే దక్కేది దాదాపు 1,550 చదరపు కిలోమీటర్లు. అందుకే దేశాలు నీళ్లలోని రాతిగుట్టల మీద ఇళ్లు కడతాయి, సైనికులను దింపుతాయి, కాంక్రీటు పోస్తాయి.

అలా కాంక్రీటు పోసినా కుదరదని 2016 జూలై 12న ఫిలిప్పీన్స్, చైనా కేసులో హేగ్ ట్రిబ్యునల్ తేల్చింది. దక్షిణ చైనా సముద్రంలో ఇటు అబా అనే చోటు ఉంది. స్ప్రాట్లీల్లో సహజంగా ఏర్పడిన వాటిలో అదే పెద్దది. మంచినీళ్ల బావులున్నాయి, చెట్లున్నాయి, తైవాన్ మనుషులున్నారు, విమానాలు దిగే రన్‌వే కూడా ఉంది. అయినా ట్రిబ్యునల్ దాన్ని రాయి అనే అంది. కారణాలు స్పష్టం. ఆ నేల తన సహజ స్థితిలో ఏం చేయగలదన్నదే ప్రశ్న, బయటినుంచి మోసుకొచ్చిన బియ్యంతో, యంత్రాలతో ఏం చేయగలదన్నది కాదు. డ్యూటీ మీద వచ్చి పోయే సిపాయిలు నివాసులు కారు, అక్కడే స్థిరపడి బతికే జనం ఉండాలి. చుట్టూ ఉన్న చేపలు పట్టుకుపోవడం, గువానో తవ్వుకుపోవడం ఆ నేలకు సొంత ఆర్థిక జీవనం కాదు. చైనా ఆ తీర్పును ఒప్పుకోలేదు. ఎన్నో దేశాల దూరపు రాళ్ల హక్కుల మీద కూడా ఆ తీర్పు నీడ పడుతుంది. మన 1976 నాటి సముద్ర మండలాల చట్టంలో రాళ్ల ప్రస్తావనే లేదు. అది 1982 ఒప్పందం కంటే ముందు రాసుకున్నది. దాన్ని ఇంతవరకు సరిచేసుకోకపోవడం నా దృష్టిలో లోపమే.

ఇప్పుడు మన దిబ్బ దగ్గరకు వద్దాం. ఆటులో కనిపించి పోటులో మునిగిపోతే అది దీవీ కాదు, రాయీ కాదు. చట్టం దాన్ని వేరే గదిలో పెట్టింది. అలాంటి మెరక ఒడ్డుకు పన్నెండు మైళ్ల లోపల ఉంటే, దాని అంచు నుంచి కొలత మొదలుపెట్టుకోవచ్చు. అంతకు మించి దూరమైతే దాని వల్ల అంగుళం నీరు కూడా రాదు. సరే, మన దిబ్బ పోటులో కూడా నిలిచిందనే అనుకుందాం, ఒడ్డుకు అయిదు కిలోమీటర్ల దూరంలో. అప్పుడు కూడా వచ్చేది మరో రెండు వందల మైళ్లు కాదు. ఒడ్డు నుంచి ఇప్పటికే రెండు వందల మైళ్లు మనవే కదా! ఆ చోట గీత మహా అయితే అయిదు కిలోమీటర్లు ముందుకు జరుగుతుంది. కాకినాడ తీరానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న కేజీ డీ6 గ్యాసు ప్రాదేశిక జలాల అవతల ఉన్నా మనదయింది ప్రధాన భూభాగం ఒడ్డు వల్లే. ఏ దిబ్బా దాన్ని తెచ్చిపెట్టలేదు.

దిబ్బ నిలిచిందో లేదో చెప్పడానికి డ్రోను అక్కర్లేదు. హంసలదీవి వైపు వేటకు పోయే బెస్తవాళ్లు చూపించే గుర్తే చాలు. ఇసుక మీద రావణాసురుడి మీసాలు వేళ్లూనుకున్నాయా, బాలబంద తీగ పాకిందా చూడాలి. పోటు రోజూ కడిగేసే ఇసుకలో అవి బతకవు. తడి గీతలు, ఎండ్రకాయ బొరియలు తప్ప పచ్చదనం లేని చోటు అమావాస్య పోటుకు నీళ్ల కిందికి పోతుంది. వీడియోలో నాకు ఒక్క గడ్డిపోచ కూడా కనిపించలేదు.

బంగాళాఖాతంలోనే ఇలాంటి దిబ్బను నమ్ముకున్న కథ ఒకటి జరిగింది, అది మన పాఠకులు తెలుసుకోవాలి. 1970 భోలా తుపాను తర్వాత సుందరవనాల ముందు, హరియాభంగ నది ముఖంలో ఇసుక తేలింది. మనం న్యూమూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తాల్పట్టి అంది. 1981లో మన నౌకాదళం వెళ్లి జెండా పాతింది. రెండు మీటర్ల ఎత్తయినా లేని ఆ ఇసుక కోసం రెండు దేశాలూ ముప్పై ఏళ్లు వాదించుకున్నాయి. 2010 నాటికి అది మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించారు. ఆ రెండు దేశాల సముద్ర సరిహద్దు కేసులో ట్రిబ్యునల్ సభ్యులు స్వయంగా వెళ్లి చూస్తే, అది ఆటులోనైనా తేలుతోందా, పూర్తిగా మునిగే ఉందా అన్నది కూడా తేలలేదు. అక్కడి నుంచి కొలవాలన్న మన వాదనను పక్కన పెట్టేశారు. 2014 జూలై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. ఆ అయిదుగురు సభ్యుల్లో మన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు ఒకరు. సరిహద్దు గీతను పక్కకు జరిపిన తీరుతో ఆయన విభేదించి విడిగా అభిప్రాయం రాశారు. అంతర్జాతీయ న్యాయంలో అంత ఎత్తుకు వెళ్లిన తెలుగువాడి పేరు మన లా కాలేజీల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

నిజమైన దీవి అయినా, సరిహద్దు గీసేటప్పుడు దానికి పూర్తి విలువ దక్కాలని లేదు. బంగ్లాదేశ్, మయన్మార్ కేసులో 2012లో సెయింట్ మార్టిన్స్ దీవికి అదే జరిగింది. అక్కడ వేలమంది స్థిరంగా బతుకుతున్నారు. దాన్ని ఎవరూ రాయి అనలేదు. అయినా పన్నెండు మైళ్లు ఇచ్చి, ఆర్థిక మండలం గీత గీసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఉండే హక్కు వేరు, పొరుగువాడితో పంచుకునే గీత వేరు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. దీవి, రాయి, ఆటు మెరక, వీటన్నిటి వెనుకా ఉన్న సూత్రం ఒకటే: నేల ఉంటేనే నీరు. మన దగ్గర ఆ నేలే పోతోంది. కృష్ణా గోదావరి డెల్టాల తీరాన్ని, 336 కిలోమీటర్ల పొడవునా, ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పటాలతోనూ ఉపగ్రహ చిత్రాలతోనూ పోల్చి చూశారు. 1965 నుంచి 2008 దాకా 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రంలో కలిసింది. మొదటి పాతికేళ్ల కంటే తర్వాతి ఏళ్లలో కోత వేగం పెరిగింది. కారణం కూడా వాళ్లే చెప్పారు. 1960ల చివర్లో కృష్ణ డెల్టాకు ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలినది నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి జలాశయాల అడుగున పేరుకుంటోంది. డెల్టా అంటేనే ఒండ్రు. అది ఆగితే అలలు ఒడ్డును కోస్తాయి, అక్కడి ఇసుకను పక్కకు ఈడ్చి ఎక్కడో ఒక చోట దిబ్బగా పోస్తాయి. వీడియోలో చూసి మనం మురిసిపోతున్న దిబ్బ అలా మన ఒడ్డు నుంచే ఊడిపోయిన ఇసుక కావచ్చు.

చట్టంలో డెల్టాలకు ఒక వెసులుబాటు ఉంది. తీరం నిలకడగా లేని డెల్టాల్లో ముందుకు చొచ్చుకొచ్చిన చోట్లను కలుపుతూ గీత గీసుకోవచ్చు, తర్వాత ఒడ్డు వెనక్కి జరిగినా దేశం మార్చుకునే దాకా ఆ గీత చెల్లుతుంది. ఢిల్లీకి ఇది చాలు. పటం మీద గీత కదలదు కాబట్టి దేశానికి సముద్రం తగ్గదు. నాగాయలంక, కోడూరు రైతుకు మాత్రం ఆ గీత ఒక్క సెంటు భూమిని కాపాడదు, ఉప్పెక్కిన బోరు నీటిని తియ్యగా మార్చదు. ఎదురుమొండిలో తరతరాలుగా జనం కాపురముంటున్నారు, పొలాలున్నాయి, వేట ఉంది. చట్టం అడిగే నివాసం, సొంత జీవనం రెండూ ఉన్న నేల అది. ఆ ఊళ్లవాళ్లు వంతెన కోసం ఏళ్ల తరబడి అడిగి అడిగి అలిసిపోయారు. సముద్రంలో పుట్టిందో లేదో తెలియని దిబ్బ మీద మనకున్న ఆసక్తిలో సగమైనా వీళ్ల మీద ఉంటే బాగుండేది.

ఆ వీడియోను ఇంకొకరికి పంపకండి. జలవనరుల శాఖను నేను అడుగుతున్నది ఒక్కటే. ప్రకాశం బ్యారేజీ దాటి ఏటా ఎన్ని టీఎంసీలు సముద్రంలో కలిశాయో మనకు చెబుతున్నారు. ఆ నీటితో పాటు ఎన్ని టన్నుల ఒండ్రు వెళ్లిందో, దివిసీమలో ఎన్ని ఎకరాలు కోతకు పోయాయో కూడా అదే కాగితంలో ప్రతి ఏడాదీ చెప్పండి.