ఇంటి ధర లెక్కకు అడవా, బూస్టింగా?

ఫ్లాట్ ధర అంచనాకి గ్రేడియంట్ బూస్టింగ్ తప్ప ఇంకేదీ పనికిరాదని మన పిల్లలు మొన్న గ్రూపులో వాదించారు. మేము ఒప్పుకోం. కారణం వాళ్ళు తీసుకున్న డేటాలోనే ఉంది.

అది కాగుల్‌లో అందరూ వాడే బెంగళూరు ఇళ్ళ ధరల ఫైలు, 13,320 వరుసలు. total_sqft గడిలో ఒకచోట చదరపు అడుగులు, ఇంకోచోట గుంటలు, మరోచోట సెంట్లు! 2400 చదరపు అడుగుల్లో 43 బెడ్‌రూములున్న ఇల్లు కూడా ఉంది. ధర 660 లక్షలు. పీజీ హాస్టలై ఉండొచ్చు, లేదా టైపింగ్ తప్పు.

బూస్టింగ్ మొదట అన్నిటికీ సగటు ధర, సుమారు 112 లక్షలు, చెప్పి మొదలుపెడుతుంది. తర్వాత వచ్చే ప్రతి చిన్న చెట్టూ మిగిలిన తప్పునే నేర్చుకుంటుంది. learning_rate 0.1 అయితే, చెట్టు చెప్పిన సవరణలో పదో వంతే కలుపుతారు. ఒక్కో చెట్టు బలహీనమే, కానీ వరుసగా దిద్దుకుంటూ పోతే మొండి అంచనా పదునెక్కుతుంది. అంటే తగ్గేది బయాస్.

చిక్కల్లా ఆ 43 గదుల ఇల్లే. దాని తప్పు 548 లక్షలు. వర్గం చేస్తే మూడు లక్షల పైచిలుకు. తలా 20 లక్షలు తప్పిన 750 ఇళ్ళ వర్గాలు కలిపితే అంత! అందుకని కొత్త చెట్లు దాని వెంటే పరుగెడతాయి. ఒకడి తప్పు దిద్దడానికి ఆఫీసంతా ఓవర్‌టైం చేసినట్టు.

రాండమ్ ఫారెస్ట్ (2001లో బ్రైమన్ ఇచ్చిన పద్ధతి) వేరు. ప్రతి చెట్టుకీ వరుసల్ని చీటీలు తీసినట్టు తీస్తారు, తీసింది మళ్ళీ డబ్బాలో వేసి. అలా తీస్తే ఒక్కో చెట్టు సుమారు 63 శాతం వరుసలే చూస్తుంది. ప్రతి కొమ్మ దగ్గరా కొన్ని కాలమ్‌లనే పరిశీలించనిస్తారు. లేకపోతే చెట్లన్నీ ఒకేలా పెరుగుతాయి, సగటు తీసినా లాభం ఉండదు. చెట్లు లోతైనవి, ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఊగుతుంది. సగటులో ఆ ఊపు, అంటే వేరియన్స్, తగ్గుతుంది. 43 గదుల ఇల్లు 37 శాతం చెట్లకి కనపడనే కనపడదు. చూసిన చెట్లు చెడినా ఆ చుట్టుపక్కలే, ఎందుకంటే ఒకదాని తప్పు ఇంకోదానికి అందదు.

అలాగని బూస్టింగ్‌ని తీసిపారెయ్యం. కొలతలన్నీ చదరపు అడుగుల్లోకి మార్చి, వింత వరుసలు తీసేస్తే తరచూ అదే గెలుస్తుంది. వర్గానికి బదులు హ్యూబర్ లాస్ పెడితే పెద్ద తప్పుల జోరూ తగ్గుతుంది. ఒకటి మాత్రం చూడాలి: నేర్పని ఇళ్ళు కొన్ని విడిగా ఉంచి, చెట్లు పెరిగేకొద్దీ వాటి మీద తప్పు రాసుకోండి. నేర్పిన ఇళ్ళ మీద తప్పు దిగుతూ, వీటి మీద పైకి తిరిగిన చోట ఆపేయాలి. అడవిలో చెట్లు ఎక్కువైతే కంప్యూటర్ నిదానిస్తుందంతే.

మన పిల్లలు 2000 చెట్లు వేసి, నేర్పిన ఇళ్ళ మీద మార్కులే మనకి చూపించారు. మిగతావి ఎప్పుడు చూపిస్తారు?